మిగిలిన అన్నాన్ని మరల వేడిచేసినా విషం పోదెందుకు?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల గృహాలలో రాత్రి మిగిలిన అన్నాన్ని పారవేయడం తప్పుగా భావిస్తారు. వర్షాధారపు మెట్ట సేద్యం మీద, బోరుబావుల నీటి మీద బ్రతికే సీమలో ఒక పిడికెడు బియ్యం విలువ అందరికీ తెలుసు. అందువలన రాత్రి మిగిలినది ఉదయం చిత్రాన్నమవుతుంది, పులిహోర అవుతుంది, లేదా మజ్జిగతో చద్దన్నమవుతుంది. ఈ మూడింటిలో ఏది తిన్నా చాలామందికి చాలాసార్లు ఏ కీడూ జరగదు. అయితే అప్పుడప్పుడు, ముఖ్యంగా పెళ్లి లేదా తిరునాళ్ల మరునాడు, ఆ అన్నమే తిన్నవారిలో కొందరు రెండు మూడు గంటలలోపే వరుసగా వాంతులు చేసుకుంటారు. అన్నం వాసన మారలేదు, జిగట పట్టలేదు, పైగా పోపులో వేసి పొగలు వచ్చేదాకా కలిపారు. అంత వేడిచేసిన అన్నం ఎలా హాని చేసిందన్నది వారికి అంతుపట్టదు. చివరకు నీటి మీదనో, నూనె మీదనో, దిష్టి మీదనో నెపం పోతుంది.

ఈ వాంతులకు ముఖ్య కారణాలలో ఒకటి బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా. దీని విషయంలో గ్రహించవలసిన సంగతి ఒక్కటే. హాని జరిగేది రాత్రి, అన్నం గోరువెచ్చగా ఉన్న గంటలలో. ఉదయం చేసే ప్రతి పని, అంటే పోపు, నిమ్మరసం, ఆవిరి, అన్నీ ఆ హాని ముగిసిన తరువాతవే. ఈ క్రమం ఎందుకు ఇలా ఉంటుందో తెలియాలంటే మొదట బియ్యపు గింజను అంటిపెట్టుకొని వచ్చే సిద్ధబీజాన్ని గురించి తెలుసుకోవాలి.

ఉడికినా చావని బీజం

బాసిల్లస్ సీరియస్ నేలలో నివసించే జీవి. 1887లో ఫ్రాంక్లాండ్ దంపతులు దీనిని తొలిసారి వర్ణించినది ఒక పశువుల కొట్టంలోని గాలి నుండి వేరుచేసి. దాని సమూహాలు మైనపు ముద్దల వలె కనిపించడం వలన మైనాన్ని సూచించే సీరియస్ అనే పేరు పెట్టారు. రైతులు పురుగుల నివారణకు వాడే బి.టి. మందులోని బాసిల్లస్ తురింజియెన్సిస్ దీనికి అతి సమీప బంధువు. పశువులకు దొమ్మ రోగం కలిగించే బాసిల్లస్ ఆంత్రాసిస్ కూడా ఈ కుటుంబంలోనిదే. ఈ జీవులన్నీ ఆహారం, తేమ కరవైనప్పుడు తమలోని జీవసారాన్ని ఒక గట్టి గుళికగా మార్చుకుంటాయి. దానినే సిద్ధబీజం లేదా స్పోరు అంటారు.

ఈ సిద్ధబీజాన్ని ఎండిన విత్తనంతో పోల్చవచ్చు గాని, విత్తనం కంటే ఇది చాలా మొండిది. దాని నడిమి భాగంలో నీరు అతి స్వల్పంగా ఉంటుంది. డైపికోలినిక్ ఆమ్లమనే పదార్థం కాల్షియంతో కలిసి అందులోని జన్యుపదార్థాన్ని, మాంసకృత్తులను బిగించి పట్టుకుంటుంది. వాటిచుట్టూ దట్టమైన పొర, దానిపై మాంసకృత్తులతో ఏర్పడిన గట్టి కవచం ఉంటాయి. నీరు లేనిచోట వేడి మాంసకృత్తులను సులభంగా చెరపలేదు. మామూలు బ్యాక్టీరియా 70 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద కొద్ది నిమిషాలలో నశిస్తే, ఈ బీజాలలో కొన్ని మరుగుతున్న నీటిని కూడా తట్టుకొని నిలుస్తాయి.

పొలం మట్టి నుండి, గడ్డి నుండి, కళ్లం దుమ్ము నుండి ఇవి ధాన్యానికి అంటుకుంటాయి. మరపట్టిన తరువాత కూడా బియ్యంపై కొన్ని మిగులుతాయి. కడిగితే తగ్గుతాయి, పూర్తిగా పోవు. మదనపల్లె పరిసరాలు సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్నందువలన అక్కడ నీరు 100 డిగ్రీలకు బదులు 97, 98 డిగ్రీల వద్దనే మరుగుతుంది. బీజాల మొండితనం ముందు ఈ రెండు డిగ్రీల తేడా పెద్దది కాదు గాని, గంజి వార్చి వండే అన్నంలో బీజాలు పూర్తిగా చచ్చిపోవడమనేది జరగదని చెప్పడానికి ఇది మరొక చిన్న కారణం. ప్రెషర్ కుక్కరులో వేడి సుమారు 118 డిగ్రీలకు చేరుతుంది కనుక అక్కడ చాలా బీజాలు నశిస్తాయి. అయినా ఆ అన్నాన్ని మూత తీసి, గరిటెతో మరొక పాత్రలోకి మార్చి, రాత్రంతా వదిలితే దుమ్ము ద్వారా, పాత్రల ద్వారా కొత్త బీజాలు చేరే అవకాశం ఉంటుంది.

వంట వలన జరిగే మరొక విచిత్రమైన పని ఉంది. ఉడికించే వేడి బీజాన్ని చంపకపోగా దానిని నిద్ర లేపుతుంది. వేడి తగిలిన బీజం మొలకెత్తడానికి సిద్ధమవుతుంది. అదే వేడికి అన్నంలో ఉండగలిగిన ఇతర సూక్ష్మజీవులన్నీ చనిపోతాయి. అంటే పోటీలేని పొలం, ఉబ్బి మెత్తబడిన పిండిపదార్థం, కావలసినంత తేమ, మొలకెత్తడానికి లేచిన విత్తనం, అన్నీ ఒకేసారి సమకూరతాయి. ఇక కావలసింది అనుకూలమైన వెచ్చదనమే.

ఒక రాత్రి లెక్క

మదనపల్లె, పుంగనూరు మధ్యనున్న ఒక పల్లెలో పెళ్లి భోజనం జరిగిందని ఊహించుకుందాం. సాయంత్రం ఐదింటికి గంజి వార్చిన అన్నాన్ని చాపపై వస్త్రం పరచి రాశిగా పోశారు. పంక్తులు ముగిసే సరికి రాత్రి ఎనిమిది గంటలైంది. పది కిలోల అన్నం మిగిలింది. దానిని ఒక గుండిగలోకి ఎత్తి, ఎలుకలు, పిల్లులు ముట్టకుండా మూతపెట్టి, వంటశాల మూలన ఉంచారు. ఉదయం బంధువులకు చిత్రాన్నం చేయాలన్నది ఆలోచన.

ఆ సమయంలో గుండిగ నడిమి భాగం చేయి పెట్టలేనంత వేడిగా ఉంటుంది. అంచులు గోరువెచ్చగా ఉంటాయి. అన్నం ఉష్ణాన్ని చాలా నెమ్మదిగా వదులుతుంది. పాత్రలో అన్నం మందం రెండింతలైతే నడిమి భాగం చల్లబడడానికి పట్టే కాలం రెండింతలు కాదు, దాదాపు నాలుగింతలవుతుంది. పది కిలోల ముద్ద ఇంట్లోని చిన్న గిన్నెలా గంటలో చల్లారదు. తెల్లవారేవరకు అందులో ఏదో ఒక పొర ఎప్పుడూ వెచ్చగానే ఉంటుంది.

బాసిల్లస్ సీరియస్ సుమారు 10 డిగ్రీల నుండి 48 డిగ్రీల వరకు పెరుగుతుంది. వండిన అన్నంలో దాని పెరుగుదల 30 నుండి 37 డిగ్రీల మధ్య అతివేగంగా ఉంటుంది. ఆ వేడిలో సుమారు అరగంటకొకసారి ఒక కణం రెండవుతుంది. అంచుల వైపు పొర రాత్రి పదకొండింటికి ఈ స్థితికి వచ్చిందనుకుందాం. వంటను తట్టుకున్న బీజాలు గ్రాముకు 100 ఉన్నాయనుకుందాం. బీజం మొలకెత్తి, కణంగా మారి, విభజనకు సిద్ధం కావడానికి రెండు గంటలు పట్టిందనుకుంటే, అసలు వృద్ధి ఒంటిగంటకు మొదలవుతుంది.

ఒంటిగంట నుండి ఉదయం ఆరింటి వరకు ఐదు గంటలు, అంటే పది రెట్టింపులు. పదిసార్లు రెట్టింపైతే వెయ్యికి పైగా అవుతుంది. 100 బీజాలు గ్రాముకు సుమారు లక్ష కణాలయ్యాయి. తొమ్మిదింటికి మరి ఆరు రెట్టింపులు జరిగి ఆ సంఖ్య సుమారు 65 లక్షలకు చేరుతుంది. నిజానికి అన్నం చల్లబడే కొద్దీ వేగం తగ్గుతుంది కనుక ఈ లెక్క కొంత పెద్దదే. అయితే తేడా ఒకటి రెండు గంటలదే తప్ప, జరిగే పని మారదు. వాంతుల వ్యాధికి కారణమైన ఆహారాలలో సాధారణంగా గ్రాముకు లక్ష నుండి పది కోట్ల వరకు కణాలు కనిపించాయి. ఆ అంచనా ప్రకారం ఈ గుండిగలోని అన్నం ఆరింటికి గడపపై నిలిచి, తొమ్మిదింటికి గడప దాటింది.

‘ఎన్నోసార్లు తిన్నాం, ఏమీ కాలేదు’ అనే మాటకు జవాబు ఈ లెక్కలోనే ఉంది. ఆరింటికి తిన్నవారికీ, పదింటికి తిన్నవారికీ మధ్య ఉన్న తేడా అన్నంలో లేదు, కాలంలో ఉంది. ఇంటి గిన్నెలో మిగిలిన రెండు పిడికెళ్ల అన్నానికీ పెళ్లింటి గుండిగకూ ఉన్న తేడా కూడా అంతే. పైగా ఈ బ్యాక్టీరియాలో అన్ని రకాలూ వాంతి విషాన్ని తయారుచేయలేవు. ఆ విషానికి కావలసిన జన్యువులు ఒక పెద్ద ప్లాస్మిడ్‌పై ఉంటాయి. అది కలిగిన రకం బియ్యంతో వచ్చిన నాడే ప్రమాదం.

తొమ్మిదింటికి బాణలి పొయ్యిపైకి ఎక్కింది. నూనె, ఆవాలు, వేరుశనగ పప్పులు, ఎండుమిరప, కరివేపాకు, పసుపు. అన్నం వేసి బాగా కలిపారు, దింపి నిమ్మరసం పిండారు. ఆ వేడికి లక్షల కణాలలో దాదాపు అన్నీ చనిపోయి ఉంటాయి. అయినా పదింటికి తిన్నవారిలో కొందరు మధ్యాహ్నం పన్నెండు, ఒంటిగంట ప్రాంతంలో వాంతులు మొదలుపెట్టారు. కణాలు చచ్చిన తరువాత కూడా హాని చేసింది వాటి నుండి ముందే వెలువడిన పదార్థం.

సెరియులైడ్ అనే విషం

ఆ పదార్థం పేరు సెరియులైడ్. 1990లలో జపాను శాస్త్రజ్ఞులు దీనిని వేరుచేసి స్వరూపాన్ని నిర్ణయించారు. ఇది నాలుగు చిన్న భాగాల వరుస మూడుసార్లు పునరావృతమై, మొదలూ చివరా కలిసిన వలయం. సాధారణ మాంసకృత్తి ముడతలు పెట్టిన పొడవైన దారం వంటిది. వేడి తగిలితే ఆ ముడతలు విడిపోయి దాని శక్తి నశిస్తుంది. గ్రుడ్డు ఉడికితే గట్టిపడడం ఇట్టి మార్పే. సెరియులైడ్‌లో విప్పవలసిన ముడతలు లేవు, పట్టుకొని కత్తిరించడానికి కొసలు లేవు. చిన్నదైన, బిగువైన వలయం కనుక వేడి దానిని చెరపలేదు.

121 డిగ్రీల వేడిలో 90 నిమిషాలు ఉంచినా ఇది నిలిచినట్లు ప్రయోగాలు చూపాయి. ప్రయోగశాలలలో పరికరాలను నిర్జీవీకరణం చేసే వేడి అది. ఇంటి పొయ్యిపై చిత్రాన్నానికి తగిలే వేడి దానికి ఏమాత్రం సాటిరాదు. ఆమ్లమూ దీనిని విడదీయలేదు. ఉదజని సూచిక 2 వద్ద కూడా ఇది చెక్కుచెదరదు. కాబట్టి నిమ్మరసం, చింతపండు పులుసు మాత్రమే కాదు, మన జీర్ణాశయంలోని ఆమ్లం కూడా దీనిని ఏమీ చేయలేదు. జీర్ణరసాలలోని పెప్సిన్, ట్రిప్సిన్ అనే ఎంజైములకూ ఇది లొంగదు.

కడుపులోకి చేరిన సెరియులైడ్ అక్కడి నుండి మెదడుకు వెళ్లే వేగస్ నాడిని సెరోటోనిన్ గ్రాహకాల ద్వారా ప్రేరేపిస్తుంది. మెదడులోని వాంతి కేంద్రం వెంటనే స్పందిస్తుంది. బ్యాక్టీరియా కడుపులో పెరగవలసిన పని లేదు, విషం సిద్ధంగానే వచ్చింది. అందుకే అరగంట నుండి ఆరు గంటలలోపే వాంతులు మొదలవుతాయి. ఇదే బ్యాక్టీరియా కలిగించే విరేచనాల వ్యాధి వేరు. అందులో కణాలు ప్రేగులో పెరిగి అక్కడే విషాన్ని విడుస్తాయి కనుక 8 నుండి 16 గంటలు పడుతుంది. ఆ విషం మామూలు మాంసకృత్తి. వేడికి సులభంగా నశిస్తుంది.

సెరియులైడ్ విషయంలో మెట్ట సీమవారు ప్రత్యేకంగా గమనించవలసిన అంశమొకటి ఉంది. కణాలు 37 డిగ్రీల వరకు వేగంగా పెరిగినా, విషం తయారీకి అంతకంటే చల్లని గది వేడి, అంటే 20 నుండి 30 డిగ్రీలు బాగా అనుకూలిస్తుంది. 40 డిగ్రీలు దాటితే విషం తయారీ బాగా తగ్గిపోతుంది. మదనపల్లె చల్లని ఊరని, అక్కడ అన్నం త్వరగా పాడుకాదని ఒక నమ్మకముంది. పాడుకావడమంటే వాసన రావడం, జిగట పట్టడం అనే అర్థంలో అది కొంత నిజం. వాంతి విషం విషయంలో మాత్రం ఆ చల్లదనం భరోసా ఇవ్వదు. వాసనకు, రుచికి అందని విషమిది.

బ్రిటన్‌లో వేపిన అన్నం

ఈ వ్యాధి స్వరూపం స్పష్టంగా బయటపడినది 1971లో బ్రిటన్‌లో, చైనా వంటకాల హోటళ్ల వేపుడు అన్నం తిన్నవారిలో. అంతవరకు బాసిల్లస్ సీరియస్ అంటే విరేచనాల వ్యాధికే పేరు. 1940ల చివరలో నార్వేలో వెనిల్లా సాసు తిన్నవారి వ్యాధిని పరిశీలించిన స్టైనార్ హౌగె, ఆ బ్యాక్టీరియాను పెంచిన సాసును తానే త్రాగి విరేచనాలతో బాధపడి దానిని నిరూపించాడు. హోటళ్ల బాధితులలో కనిపించిన లక్షణం అది కాదు. కొద్ది గంటలలోనే తీవ్రమైన వాంతులు.

హోటళ్ల వంట పద్ధతిని పరిశీలించగా కారణం తేలింది. వారు పెద్దమొత్తంలో అన్నం ఉడికించి, నీరు వార్చి, రాత్రంతా వంటగదిలోనే ఆరబెట్టేవారు. ఫ్రిజ్‌లో పెడితే మెతుకులు ఉండలు కట్టి, గ్రుడ్డుతో వేపేటప్పుడు విడివిడిగా రావని వారు అందుకు ఒప్పుకునేవారు కాదు. మరునాడు కొద్ది నిమిషాలు వేపి వడ్డించేవారు. 1974లో గిల్బర్ట్, ఆయన సహచరులు ప్రచురించిన పరిశోధన, బియ్యంలోని బీజాలు ఉడకడాన్ని తట్టుకోవడాన్ని, ఆ అన్నంలో 30 నుండి 37 డిగ్రీల మధ్య అవి వేగంగా పెరగడాన్ని, 15 డిగ్రీల వద్ద, 43 డిగ్రీల వద్ద కూడా పెరగగలగడాన్ని చూపింది. అన్నాన్ని 63 డిగ్రీలకు పైగా వేడిగా ఉంచాలని, లేదా త్వరగా చల్లార్చి, వండిన రెండు గంటలలోపు ఫ్రిజ్‌లోకి చేర్చాలని వారు సూచించారు.

చిత్రాన్నం చేసే చేతులకు ఈ కథ పరాయిది కాదు. ‘మెతుకు మెతుకు విడివిడిగా ఉండాలంటే రాత్రి అన్నమే మేలు’ అనే మాట ఇక్కడి వంటశాలలలోనూ వినిపిస్తుంది. మెతుకు విడివిడిగా రావడానికి అన్నం చల్లారితే చాలు, రాత్రంతా నిలువ ఉండనక్కరలేదు.

పులుపు ఎప్పుడు కాపాడుతుంది

చద్దన్నం తరతరాలుగా తింటున్నారు గదా, అది ఎందుకు హాని చేయలేదనే ప్రశ్న సహజం. అందులో జరిగే పని వేరు. చల్లారిన అన్నంలో చన్నీరు పోసి, చెంచాడు పెరుగో మజ్జిగో కలిపి, మట్టికుండలో ఉంచితే లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియా పెరిగి పులుపును పుట్టిస్తుంది. ఉదజని సూచిక 4.5 కంటే దిగితే బాసిల్లస్ సీరియస్ పెరుగుదల దాదాపు ఆగిపోతుంది. నీరు పోయడం వలన అన్నం త్వరగా చల్లబడుతుంది, పెరుగు వేయడం వలన పులిసే పని ముందుగా మొదలవుతుంది. అన్నంలో ఇద్దరు పోటీదారులు పరుగెత్తుతుంటే, మజ్జిగ ఒకరికి ముందుగా బయలుదేరే అవకాశం ఇస్తుంది.

ఈ రక్షణకు హద్దులు ఉన్నాయి. వేడి తగ్గని అన్నంలో పెరుగు కలిపితే పెరుగులోని జీవులే చస్తాయి. రాత్రంతా వట్టి అన్నంగా ఉంచి ఉదయం మజ్జిగ పోసుకొని దానిని చద్దన్నమని పిలిస్తే పేరు మాత్రమే దక్కుతుంది. రాత్రి తయారైన విషాన్ని ఉదయపు మజ్జిగ తొలగించలేదు. పులిహోర కూడా అంతే. వేడి అన్నంలో అప్పుడే చింతపండు గుజ్జు బాగా పట్టించిన పులిహోరలో ఆ పులుపు బీజాలను మొలకెత్తనివ్వకుండా అడ్డుకుంటుంది. నిలువ అన్నంలో ఉదయం కలిపిన గుజ్జు రుచికి మాత్రమే పనికివస్తుంది.

పుంగనూరు, కుప్పం పల్లెలలో వండే రాగి సంగటికీ ఇదే న్యాయం వర్తిస్తుంది. బియ్యపు నూకలు ఉడికించి రాగిపిండి కలిపి గెలికి చేసే సంగటి అన్నం కంటే దట్టమైనది. పెద్ద ముద్ద నడుమ వేడి చాలాసేపు నిలుస్తుంది. మిగిలిన సంగటిని ముద్దగానే మూతపెట్టి ఉంచడం కంటే, చల్లార్చి, చిదిపి, మజ్జిగలో కలిపి ఉంచే పాత పద్ధతి శాస్త్రసమ్మతం. చల్లబడడమూ పులవడమూ రెండూ అందులో త్వరగా జరుగుతాయి.

డబ్బాలో కట్టిన అన్నం

కుప్పం నుండి ఉదయపు రైళ్లలో బెంగళూరు వైపు పనులకు వెళ్లేవారి భోజనపు డబ్బా ఈ విషయంలో మరొక చిన్న రాత్రి వంటిది. నాలుగింటికి వండిన అన్నాన్ని ఆవిరి పోకముందే స్టీలు డబ్బాలో నొక్కి పెట్టి, గుడ్డలో చుట్టి, సంచిలో ఉంచుతారు. వేడి నిలిచే హాట్‌బాక్సు అయితే మరీ సంతోషం. మధ్యాహ్నం ఒంటిగంటకు విప్పేసరికి తొమ్మిది గంటలు గడుస్తాయి. ఇంటి హాట్‌బాక్సు అన్నాన్ని వేడిగా ఉంచేది మొదటి కొన్ని గంటలే, ఆ తరువాత అది వెచ్చగా మాత్రమే ఉంచుతుంది. అంటే చల్లారిపోవలసిన అన్నాన్ని ప్రమాదకరమైన వెచ్చదనంలో ఎక్కువసేపు నిలుపుతుంది. అందువలన అన్నాన్ని పళ్లెంలో ఆరనిచ్చి, పెరుగు కలిపి, పెరుగన్నంగా కట్టుకోవడం మేలు. వేసవిలో కూడా ఆ పులుపు కొంత కాపలా కాస్తుంది.

విద్యుత్ రైస్ కుక్కరులోని వెచ్చగా ఉంచే ఏర్పాటు 60 డిగ్రీలకు పైగా నిలిపితే సమస్య లేదు. అర్ధరాత్రి కరెంటు పోతే మాత్రం అది మూతపెట్టిన గుండిగతో సమానమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన ప్రకారం వండిన ఆహారాన్ని 60 డిగ్రీలకు పైగా గాని, 5 డిగ్రీలకు దిగువన గాని ఉంచాలి. గది వేడిలో రెండు గంటలకు మించి వదలరాదు. ఉష్ణమాపకం లేని ఇంట్లో చేతితోనే కొంతవరకు తెలుసుకోవచ్చు. 60 డిగ్రీల అన్నంలో వ్రేలు నిలుపలేము. చేతికి హాయిగా తగిలే వెచ్చదనం 35 నుండి 45 డిగ్రీలది. అదే అపాయకరమైన మండలం.

మిగిలిన అన్నాన్ని కాపాడుకోవాలంటే దానిని రాశిగా ఉంచకుండా వెడల్పాటి పళ్లాలలో రెండు వ్రేళ్ల మందానికి మించకుండా పరచాలి. పైన పలుచని గుడ్డ కప్పి ఫ్యాను గాలికి ఉంచితే గంటలోపే చల్లారుతుంది. తరువాత చిన్న గిన్నెలలోకి మార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి. పెద్ద గిన్నెతో వెచ్చని అన్నాన్ని అలాగే ఫ్రిజ్‌లోకి తోస్తే దాని నడిమి భాగం గంటల తరబడి వెచ్చగానే ఉంటుంది. పెళ్లిళ్లలో అయితే మిగిలిన అన్నాన్ని ఆ రాత్రే పంచివేయడం, అది కుదరకపోతే పశువుల దాణాకు మళ్లించకుండా ఎరువు గుంతలో వేయడం ఉత్తమం.

వాంతులు మొదలైతే

తిన్న ఒకటి నుండి ఐదు గంటలలో, జ్వరం లేకుండా, ఒకే వంటకం తిన్న పలువురికి వాంతులు మొదలైతే ఈ విషాన్ని అనుమానించాలి. సాధారణంగా ఒక రోజులోపు తగ్గిపోతుంది. చేయవలసింది ఓ.ఆర్.ఎస్. ద్రావణాన్ని కొద్దికొద్దిగా త్రాగించడం. ముందే తయారైన విషం కలిగించే బాధ కనుక యాంటీబయాటిక్ మందులకు ఇక్కడ పని లేదు. అయితే అరుదుగా సెరియులైడ్ కాలేయ కణాలలోని మైటోకాండ్రియాను దెబ్బతీస్తుంది. 2008లో బ్రస్సెల్స్‌లో ఐదు రోజులు వంటగదిలోనే ఉన్న స్పగెటీని వేడిచేసుకొని తిన్న ఇరవై ఏళ్ల విద్యార్థి ఆ రాత్రే మరణించాడు. పిల్లలకు వాంతులు ఆగకపోయినా, ఎవరికైనా మగత కమ్మినా, కళ్లు పచ్చబడినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే మరొక బ్యాక్టీరియా విషం కూడా వేడిని తట్టుకొని ఇదే విధంగా, ఇదే వ్యవధిలో వాంతులు కలిగిస్తుంది. లక్షణాలను బట్టి రెండింటినీ వేరుచేయలేము. అందుకే మిగిలిన అన్నం ముఖ్యం. చాలా ఇళ్లలో బాధితులను ఆసుపత్రికి తరలించే హడావిడిలో పాత్రలన్నీ కడిగివేస్తారు, సాక్ష్యం కాలువలో కలిసిపోతుంది. ఒక పిడికెడు చిత్రాన్నాన్ని, దొరికితే పోపు వేయని అన్నాన్ని కూడా, శుభ్రమైన డబ్బాలలో వేరువేరుగా మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచి ఆరోగ్య సిబ్బందికి అందజేయాలి. పోపు వేయని అన్నంలో ప్రయోగశాల వారు గ్రుడ్డు పచ్చసొన కలిపిన మాధ్యమంపై బాసిల్లస్ సీరియస్ సమూహాలను గులాబి రంగులో, చుట్టూ తెల్లని వలయంతో గుర్తిస్తారు. చిత్రాన్నంలో మాత్రం కణాలు వేడికి చచ్చి ఉంటాయి కనుక లెక్కింపులో అతి స్వల్పంగా కనిపించవచ్చు. ఆ ఒక్క లెక్కను చూసి అన్నం నిర్దోషమని తేల్చడం పొరపాటు. అట్టి నమూనాలో వెదకవలసింది కణాలను కాదు, సెరియులైడ్‌ను.